మందుచీటీ సరిగ్గానే ఉంది, స్క్రైబ్ రాసిన నోట్‌లో మందు పేరు మారింది. దీన్ని పట్టించుకోవాలా, వదిలేయాలా?

మందుల_బల్ల (చర్చ ప్రారంభించినవారు) | సోమవారం, ఉదయం 9:40

నేను ఔట్‌పేషెంట్ క్లినిక్‌లో ఫార్మసిస్టును. డాక్టరు రోగితో మాట్లాడుతుండగానే ఆ మాటలు విని, రోగి లేచి వెళ్లేసరికి నోట్ తయారుచేసి పెట్టే స్క్రైబ్ సాఫ్ట్‌వేర్ మా దగ్గర వాడుతున్నారు. ఎవరైనా మందులు మళ్లీ కావాలని అడిగినప్పుడు పాత నోట్ తెరిచి చూడడం నాకు అలవాటు. అలా చూస్తుంటే ఇది కంటపడింది. పై వరుస స్క్రైబ్ రాసిన నోట్, కింది వరుస అదే రోజు డాక్టరు కంప్యూటర్‌లో విడిగా పెట్టిన ఆర్డరు.

```
Note : hydralazine 25 mg TID - for itching
Order: hydroxyzine 25 mg TID
```

రోగికి ఒళ్లంతా దద్దుర్లు, దురద. ఆర్డరులో ఉన్న హైడ్రాక్సిజైన్ దురదకు ఇచ్చేదే. నోట్‌లో ఉన్న హైడ్రాలజైన్ రక్తపోటు తగ్గించే మందు, ఈ రోగికి రక్తపోటు జబ్బే లేదు. రోగికి అందింది సరైన మందే కాబట్టి ఆ రోజు ఏ హానీ జరగలేదు.

డాక్టరు గారికి చూపిస్తే వెంటనే సరిచేశారు. కానీ "ఫార్మసీకి వెళ్లేది ఆర్డరు, నోట్ కాదు. నోట్‌లో అక్షరం తప్పితే మందు మారదు" అన్నారు. ఆ మాట పూర్తిగా తప్పని అనలేను, అలాగని మింగుడుపడడమూ లేదు. ఇలాంటివి వెతకడానికి సమయం కేటాయించాలని పైవాళ్లను అడగబోతున్నాను. అడిగే ముందు, నోట్‌లో మాత్రమే ఉన్న తప్పు నిజంగా రోగిని చేరుతుందా, చేరితే ఏ దారిన చేరుతుందన్నది తెలిసినవారి నోట వినాలనుంది.

---

రాతకోతలు | సోమవారం, ఉదయం 10:15

నేను జనరల్ ఫిజీషియన్‌ని. మీ డాక్టరు గారి పక్షాన రెండు మాటలు చెబుతాను.

ఈ స్క్రైబ్ రాకముందు సాయంత్రం క్లినిక్ మూసేశాక కూర్చుని నోట్స్ రాసుకునేవాళ్లం. పొద్దున చూసిన రోగి ఏం చెప్పాడో సాయంత్రానికి సగం మరిచిపోయేవాళ్లం. ఆ నోట్స్‌లో తప్పులు లేవని ఎవరు చెప్పగలరు? కాకపోతే వాటిని ఇలా పక్కపక్కన పెట్టి చూసినవారు లేరు. ఇప్పుడు రోగి చెప్పిన లక్షణాలు వివరంగా వస్తున్నాయి, నేను తెర వైపు కాకుండా మనిషి వైపు చూసి మాట్లాడుతున్నాను.

ఇక మందుల విషయానికొస్తే, ఆర్డరు పెట్టేటప్పుడు జాబితాలో నుంచి ఎంచుకుంటాం, మోతాదు హద్దు దాటితే కంప్యూటరే హెచ్చరిస్తుంది, ఆపైన ఫార్మసిస్టు చూస్తారు. అన్ని తలుపులు దాటుకుని నోట్‌లోని తప్పు రోగి దాకా ఎలా వెళ్తుంది? సంతకం పెట్టే ముందు డాక్టరు నోట్ చదివితే చాలు, ఈ సమస్య అక్కడితో తీరిపోతుంది.

---

పాత_టైపిస్టు | సోమవారం, ఉదయం 11:05

డాక్టరు గారూ, మీ చివరి వాక్యం దగ్గరే నాకు పేచీ. చాలా ఏళ్లు మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ చేశాను. చెవిలో డిక్టేషన్, కాలి కింద పెడల్, ఎదురుగా మందుల నిఘంటువు. అప్పట్లోనూ డాక్టర్లు చదివే సంతకం పెట్టేవారని అనుకునేవాళ్లం.

2018లో జామా నెట్‌వర్క్ ఓపెన్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. డాక్టర్లు డిక్టేట్ చేసిన 217 నోట్స్‌ను మూడు దశల్లో పరిశీలించారు. యంత్రం రాసిన పచ్చి ప్రతిలో నూరు మాటలకు 7.4 తప్పులు. ట్రాన్‌స్క్రిప్షనిస్టు విని సరిచేశాక 0.4. డాక్టరు చదివి సంతకం పెట్టాక 0.3. ఆ అంకెలను ఒకసారి నిదానంగా చూడండి. తప్పులు రాలిపోయింది మధ్యలో ఇంకో మనిషి ఆడియో వింటూ సరిచేసినప్పుడు. సంతకం దగ్గర మిగిలినవి దాదాపు అలాగే ఉండిపోయాయి. ఇప్పటి స్క్రైబ్‌లు చాలాచోట్ల ఆ మధ్య మనిషినే తీసేశాయి. మిగిలింది సంతకం ఒక్కటే.

నోట్‌లోని తప్పు రోగిని చేరదన్నారు కదా, అమెరికాలోని అలబామాలో 2008లో జరిగింది గుర్తుచేస్తాను. డాక్టరు లెవిమిర్ ఇన్సులిన్ 8 యూనిట్లని డిక్టేట్ చేశారు. డిశ్చార్జి సమ్మరీలో అది 80 అని పడింది. రోగిని అక్కడి నుంచి ఇంకో కేంద్రానికి పంపించారు. ఆ కేంద్రంలోని నర్సు చేతికి వచ్చిన కాగితం ఏది? సమ్మరీయే. అందులో ఉన్నట్టే 80 యూనిట్లు ఇచ్చారు, రోగి చనిపోయారు. 2012లో జ్యూరీ 14 కోట్ల డాలర్ల పరిహారం ప్రకటించింది. అది రాసింది యంత్రం కాదు, నాలాంటి మనుషులే. కానీ మీరు చెప్పిన తలుపులన్నీ ఒకే భవనంలో ఉన్నాయి. రోగి ఆ భవనం దాటగానే నోటే ఆర్డరు అవుతుంది.

---

నాన్నగారి_ఫైలు | సోమవారం, మధ్యాహ్నం 12:30

ఫోనులో మాట్లాడితే టైపయ్యేదాని గురించే కదా ఈ చర్చ? నేనూ మా నాన్నగారి మందుల పట్టిక అలాగే తయారుచేస్తాను. మందుల పేర్లు ఎప్పుడూ తప్పే వస్తాయి. అందుకే నేను పేర్లు చెప్పకుండా ఫొటో తీసుకుంటాను, మీరూ అలా చేయవచ్చు.

ఇంకొకటి. ఈ మధ్య ఆయన విజిట్ నోట్ పేషెంట్ పోర్టల్‌లో చూశాను. అందులో రక్తపోటు మందు ఆమ్లోడిపిన్‌ను 10 మి.గ్రా.కు పెంచినట్టు ఉంది. పక్కనే కూర్చున్నాను, డాక్టరు పెంచలేదు. "పదికి పెంచుదామా అనుకున్నాను, కానీ మీకు కాళ్లు వాస్తున్నాయి కదా, ఐదులోనే ఉంచి చూద్దాం" అన్నారు. మందుచీటీలోనూ 5 మి.గ్రా. అనే ఉంది. యంత్రానికి ఐదు, పది తేడా వినపడలేదన్నమాట!

---

ధ్వనిపటం | సోమవారం, సాయంత్రం 4:20

మాటను అక్షరంగా మార్చే వ్యవస్థలపైనే నా ఉద్యోగం, అందులో కొంతకాలం వైద్య రంగానికి పనిచేశాను. నాన్నగారి_ఫైలు గారూ, ఇది ఫోను టైపింగ్ లాంటిది కాదు కానీ, మీరు రెండో పేరాలో చెప్పింది ఈ చర్చకు చాలా విలువైన సంగతి. యంత్రానికి వినపడలేదని అనుకున్నారు. నాకు తెలిసి బాగానే వినపడి ఉంటుంది.

ఇప్పటి స్క్రైబ్‌లో రెండు వేర్వేరు పనులు జరుగుతాయి. మొదటిది శబ్దాన్ని మాటలుగా మార్చడం. గదిలో ఎవరు ఏమన్నారో పూర్తి ప్రతి అక్కడ తయారవుతుంది. రెండోది ఆ పొడవైన సంభాషణను కుదించి నోట్‌గా రాయడం. మీ నాన్నగారి విషయంలో పూర్తి ప్రతి తీసి చూస్తే "పది", "ఐదు", "పెంచుదామా", "ఉంచి చూద్దాం" అన్నీ ఉన్నచోటే ఉండే అవకాశం ఎక్కువ. కుదించేటప్పుడు ప్రశ్న నిర్ణయంగా మారిపోయింది. డాక్టర్లు రోగి ముందే తమ ఆలోచనను పైకి అనేస్తారు, ఒక మందు పేరెత్తి వద్దనుకుంటారు, రోగి తాను మానేసిన మందు పేరు చెబుతాడు. కుదింపులో ఆ "వద్దు", "మానేశాను" రాలిపోతే వాడని మందు వాడుతున్నట్టు నమోదవుతుంది.

మందుల_బల్ల గారు చూపిన తప్పు మొదటి దశది అనిపిస్తోంది. హైడ్రాక్సిజైన్, హైడ్రాలజైన్ రెండింటికీ మొదలు ఒకటే, ముగింపూ ఒకటే. తేడా అంతా మధ్యలోని ఒక చిన్న ముక్కలో ఉంది. సరిగ్గా ఆ క్షణంలో రోగి దగ్గినా, డాక్టరు కీబోర్డు వైపు తల తిప్పినా, మాస్కు అడ్డుపడినా యంత్రానికి రెండు చివర్లే మిగులుతాయి. మధ్య ఖాళీని అది శిక్షణలో ఎక్కువగా చూసిన పేరుతో పూరిస్తుంది. ఖాళీ వదలడం దానికి అలవాటు లేదు. మనిషైతే "ఏమన్నారు?" అని అడుగుతాడు లేదా అక్కడ ఒక గీత గీసి పెడతాడు.

---

పాత_టైపిస్టు | సోమవారం, సాయంత్రం 4:50

గీత గీసి పెట్టడం! మా కాలంలో అది నియమం. వినపడకపోతే ఖాళీ వదిలి, ఆడియోలో ఎన్నో నిమిషం, ఎన్నో సెకను అన్నది పక్కన రాసి డాక్టరుకు తిప్పి పంపేవాళ్లం. ఊహించి రాస్తే ఉద్యోగం పోయేది. ఇప్పటి నోట్స్ చూస్తే ఎక్కడా ఒక ఖాళీ ఉండదు, అన్నీ నున్నగా ఉంటాయి. నాకు భయం వేసేది అక్కడే.

---

ఒక్కమాట | సోమవారం, సాయంత్రం 6:10

ఇంత చర్చ ఎందుకు? సాఫ్ట్‌వేర్‌కు మందుల పేర్ల జాబితా మొత్తం ఇచ్చేస్తే సరి. అప్పుడు పొరపాటుకు తావే ఉండదు.

---

ధ్వనిపటం | సోమవారం, రాత్రి 8:35

జాబితా ఇస్తారు, దానివల్ల మేలూ ఉంది. అరుదైన పేర్లు చెత్తగా రావడం తగ్గుతుంది. కానీ జాబితాలో హైడ్రాక్సిజైనూ ఉంటుంది, హైడ్రాలజైనూ ఉంటుంది. రెండూ నిజమైన పేర్లే కాబట్టి వాటి మధ్య ఎంపికలో జాబితా ఏమీ తేల్చదు. పైగా, జాబితాకు ఎక్కువ బలం ఇస్తే మామూలు మాటలు కూడా మందుల పేర్లుగా మారడం మొదలవుతుంది.

కొందరు ఇంకో అడుగు వేసి, ఈ రోగి ఇప్పటికే వాడుతున్న మందుల పట్టికను ముందుగా చూపిస్తారు. ఇది బాగా పనిచేస్తుంది, మందు మార్చే రోజు దాకా. ఉదాహరణకు రోగి ఆందోళనకు బస్‌పిరోన్ వాడుతున్నాడనుకోండి. ఇవాళ డాక్టరు అది ఆపి బ్యుప్రోపియన్ మొదలుపెట్టారు. పట్టికలో బస్‌పిరోన్ ఉంది, చెవిన పడింది దానికి దగ్గరగా ఉన్న పేరు. యంత్రం పాత పేరు వైపే మొగ్గుతుంది. అంటే మార్పు జరిగిన రోజే, నోట్ అన్నింటికన్నా అవసరమైన రోజే, తప్పు పడే అవకాశం పెరుగుతుంది.

ప్రతి మాటపై తనకెంత నమ్మకమో యంత్రం వేసుకునే స్కోరు చూసి సందేహం ఉన్న మాటలకు రంగు వేయవచ్చు కదా అని ఎవరైనా అడగకముందే చెబుతాను. వేయవచ్చు. కానీ సందర్భం బలంగా ఉన్నచోట యంత్రం తప్పు పేరును కూడా గట్టి నమ్మకంతోనే రాస్తుంది. పైన చెప్పిన బస్‌పిరోన్‌కు రంగు పడకపోవచ్చు.

---

రాతకోతలు | సోమవారం, రాత్రి 9:20

అలబామా సంగతి చదివాక నా మాట కొంత సవరించుకోక తప్పదు. రోగి వేరే చోటికి వెళ్లినప్పుడు నోట్ ఆర్డరు అవుతుందన్నది నిజం. కానీ ఒకే క్లినిక్ లోపల?

మరో సంగతి. "దురదకు హైడ్రాలజైన్" అని చదివిన ఏ డాక్టరుకైనా తేడా తెలుస్తుంది. అంటే ఇది పట్టుబడే తప్పే కదా. 25 బదులు 2500 అని పడినా అంతే.

---

మందుల_బల్ల | మంగళవారం, ఉదయం 8:50

ఒకే క్లినిక్ లోపల ఏమయ్యేదో నేను ఆ రోగి ఫైలు తీసి వరుసగా ఆలోచించాను.

ఆ రోగిని దద్దుర్ల కోసం చర్మవైద్యులకు రిఫర్ చేశారు. రిఫరల్ లేఖను సిస్టమ్ నోట్‌లోంచి తనంతట తానే కూర్చుతుంది, కానీ "దురదకు" అన్న కారణం లేఖలోకి రాదు, మందు పేరు, మోతాదు మాత్రమే వస్తాయి. కాబట్టి అక్కడ చదివేవారికి కనిపించేది "హైడ్రాలజైన్ 25 మి.గ్రా., రోజుకు మూడుసార్లు" అన్నంతవరకే. అందులో అనుమానించడానికి ఏమీ లేదు. హైడ్రాక్సిజైన్ 10, 25, 50 మి.గ్రా.లలో దొరుకుతుంది. హైడ్రాలజైన్ కూడా 10, 25, 50లలో దొరుకుతుంది, 100 కూడా ఉంది. రోజుకు మూడుసార్లు అన్నది రెండింటికీ నప్పుతుంది. మోతాదు హద్దులు చూసే కంప్యూటర్‌కు కూడా ఇందులో తప్పు కనిపించదు.

చదివిన డాక్టరు ఈ రోగికి రక్తపోటు ఉందనుకుంటారు. అది జబ్బుల పట్టికలోకి ఎక్కవచ్చు. తర్వాత విజిట్‌లో పాత నోట్‌ను కాపీ చేసి మొదలుపెడితే తప్పు ఇంకో తేదీతో మళ్లీ పుడుతుంది. రోగి ఎప్పుడైనా ఆసుపత్రిలో చేరితే, ఇంట్లో వాడే మందులన్నీ కొనసాగించే పనిలో ఎవరో ఒకరు హైడ్రాలజైన్ ఆర్డరు చేస్తారు. రక్తపోటు మామూలుగా ఉన్న మనిషికి అది ఇస్తే తల తిరుగుతుంది, గుండె దడ వస్తుంది. మరోవైపు హైడ్రాక్సిజైన్ పేరు ఎక్కడా లేదు కాబట్టి అది కలిగించే మత్తు గురించి ఎవరూ హెచ్చరించరు, నిద్ర తెప్పించే మరో మందు దాని మీద పడినా ఎవరికీ తెలియదు.

డాక్టరు గారూ, మీరన్న 2500 లాంటివి నన్ను అంతగా భయపెట్టవు. థైరాక్సిన్ 50 మైక్రోగ్రాముల చోట 50 మి.గ్రా. అని పడితే వెయ్యి రెట్ల తేడా, చూసినవారెవరైనా నవ్వుతారు. నవ్వు రాని తప్పులతోనే చిక్కు.

---

రాత్రి_డ్యూటీ | మంగళవారం, మధ్యాహ్నం 1:15

వార్డు నర్సును. మందు పేరుకన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఎంత తరచుగా అన్న మాట. మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి వారానికి ఒకసారి ఇస్తారు. "వారానికి" అన్న మాట నోట్‌లో "రోజుకు" అయిందంటే మందు పేరు సరైనదే, మిల్లీగ్రాములు సరైనవే, అయినా మనిషి ప్రాణం పోవచ్చు. ఎముక మూలుగ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి. మందుల సాఫ్ట్‌వేర్‌లో మెథోట్రెక్సేట్‌కు వారానికి అన్నదే ముందుగా నింపి పెట్టే ఏర్పాటు అందుకే వచ్చింది. స్క్రైబ్ నోట్‌కు అలాంటి అడ్డు ఏముంది?

అంకెల విషయంలో మాకు పాత పద్ధతి ఒకటుంది. ఫోనులో ఆర్డరు తీసుకునేటప్పుడు ఇంగ్లీషులో ఫిఫ్టీన్ అంటే "వన్ ఫైవ్" అని, ఫిఫ్టీ అంటే "ఫైవ్ జీరో" అని విడివిడిగా తిరిగి చదివి వినిపిస్తాం. డాక్టర్లు స్క్రైబ్ ముందు కూడా అలాగే పలికితే సగం గొడవ తగ్గదా?

---

రాతకోతలు | మంగళవారం, మధ్యాహ్నం 2:00

రోగితో మాట్లాడుతూ మధ్యలో "ఒకటి ఐదు మిల్లీగ్రాములు" అంటే ఆయన ఒకటో ఐదో వేసుకోమన్నారని అనుకుంటాడు! ఫోనులో వినేది నర్సు, ఇక్కడ ఎదురుగా ఉన్నది రోగి.

---

రాత్రి_డ్యూటీ | మంగళవారం, మధ్యాహ్నం 2:25

అదీ నిజమే. అయితే రోగితో మామూలుగా మాట్లాడి, ఆయన లేచాక మందుల వరుసలు మాత్రం స్క్రైబ్‌కు ఒకసారి స్పష్టంగా చెప్పండి. పేరు, అంకెలు విడివిడిగా, ఎంత తరచుగా, ఎందుకు. "ఎందుకు" అన్నది వదలకండి. మందుల_బల్ల గారి నోట్‌లో "దురదకు" అని ఉండబట్టే కదా ఆ తప్పు కంటపడింది.

---

ధ్వనిపటం | మంగళవారం, సాయంత్రం 5:40

కారణం చెప్పడం మంచి సలహా, అది వినే యంత్రానికన్నా చదివే మనిషికి ఎక్కువ ఉపయోగం.

సంభాషణ తెలుగులో సాగే చోట ఇంకో ఇబ్బంది ఉంది. ఇంగ్లీషు అంకెల గురించి పరిశోధనలు, హెచ్చరికలు చాలా ఉన్నాయి. మన అంకెల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఇరవై, అరవై వేగంగా అని చూడండి. తేడా మొదటి అచ్చులోనే ఉంది, వాక్యం మధ్యలో ముందు మాటతో కలిసిపోయేదీ ఆ అచ్చే. "ఉదయం ఇరవై యూనిట్లు" అన్నది "ఉదయం అరవై యూనిట్లు" అయితే ఇన్సులిన్ మూడు రెట్లవుతుంది. రెండూ ఇవ్వదగిన మోతాదులే, కాబట్టి హద్దుల లెక్క దీన్ని పట్టుకోకపోవచ్చు. "అర మాత్ర" అన్నప్పుడు "అర" జారిపోవడం ఇంకొకటి.

నిశ్శబ్దం గురించి కూడా ఒక మాట. ఇప్పటిదాకా యంత్రం తప్పుగా విన్నది రాయడం గురించే మాట్లాడుకుంటున్నాం, అసలు ఎవరూ అననిది రాయడం వేరే సంగతి. మాటను అక్షరంగా మార్చే, 2022లో విడుదలైన విస్పర్ అనే నమూనాను పరిశోధకులు పరీక్షించి 2024లో ప్రచురించిన ఫలితాల్లో, దాదాపు నూటికి ఒక ఆడియో ముక్కలో ఎవరూ పలకని వాక్యాలు కనిపించాయి. మాటల మధ్య విరామాలు ఎక్కువగా ఉన్నవారి విషయంలో ఇది ఎక్కువ. పక్షవాతం వల్ల మాట తడబడే రోగిని తలచుకోండి. అన్ని స్క్రైబ్‌లలోనూ ఇదే నమూనా ఉంటుందని నేననడం లేదు, అయితే మీది దేనిపై నడుస్తోందో అమ్మినవారిని అడగడం మీ హక్కు.

---

ఒక్కమాట | మంగళవారం, సాయంత్రం 6:05

సరే, జాబితా చాలదని ఒప్పుకుంటున్నాను. పెద్ద అక్షరాల పద్ధతి ఉంది కదా, hydrOXYzine, hydrALAZINE అని రాయడం? అది పెడితే?

---

మందుల_బల్ల | మంగళవారం, సాయంత్రం 6:40

మా ఆర్డర్ల తెరలో ఉంది. అమెరికా ఎఫ్‌డీఏ 2001లో మొదలుపెట్టిన ప్రయత్నం అది. జాబితాలో నుంచి కంటితో ఎంచుకునేవారికి పనికొస్తుంది. ఇక్కడ తప్పు చెవి దగ్గర జరిగింది. యంత్రం తప్పు పేరు విని దాన్ని చక్కగా hydrALAZINE అని రాస్తే, అది ఇంకా నమ్మకంగా కనిపిస్తుంది తప్ప లాభం లేదు.

---

ధ్వనిపటం | మంగళవారం, రాత్రి 9:10

మందుల_బల్ల గారు పైవాళ్లను అడగబోయేది సమయం కదా. సమయంతో పాటు ఇదీ అడగండి. నోట్‌లోని మందుల వరుసలను స్క్రైబ్ రాయకూడదు. మందు పేరు, మోతాదు, ఎంత తరచుగా అన్న మూడూ ఆర్డరులోంచి నేరుగా నోట్‌లోకి రావాలి. స్క్రైబ్ విన్నదాన్ని పారేయకుండా పక్కన ఉంచుకుని, ఆ మూడింటితో పోల్చాలి. మూడూ కలిస్తే మౌనంగా ఉండాలి. ఏ ఒక్కటి కలవకపోయినా సంతకానికి ముందు ఆ ఒక్క వరుసే తెరపైకి రావాలి, ఆ మాట పలికిన నాలుగైదు సెకన్ల ఆడియో అక్కడే నొక్కి వినగలగాలి. మీ రోగి విషయంలో ఇది ఉంటే, ఆర్డరులో హైడ్రాక్సిజైన్, విన్నది హైడ్రాలజైన్ అని సంతకానికి ముందే తేలిపోయేది.

ఇలా పోల్చడంలో ఇంకో లాభం ఉంది. నోట్ తప్పయినప్పుడే కాదు, డాక్టరు నోటితో ఒకటి చెప్పి జాబితాలో పక్క వరుస నొక్కినప్పుడు ఆర్డరు తప్పును కూడా ఇది పట్టుకుంటుంది.

---

రాతకోతలు | బుధవారం, ఉదయం 7:45

ఇది నాకు నచ్చింది, సంతకానికి ముందు మొత్తం నోట్ చదవమనడం కన్నా ఒక్క వరుస చూపించడం పని జరిగే దారి. నిజం చెప్పాలంటే రోజు చివర పొడవైన నోట్ పద్ధతిగా అల్లి ఉంటే కన్ను జారుకుంటూ పోతుంది.

కానీ రెండు చిక్కులు. మొదటిది, ఆర్డరు లేని మందులు. రోగి వేరే డాక్టరు దగ్గర తీసుకునేవి, చీటీ లేకుండా కొనుక్కునే నొప్పి మాత్రలు, తానే మానేసినవి. వీటికి మా సిస్టమ్‌లో ఆర్డరు ఉండదు, పోల్చడానికి ఏమీ లేదు. నా నోట్స్‌లో అసలు సమాచారం తరచుగా వాటిలోనే ఉంటుంది. వాటిని స్క్రైబ్ రాయకూడదంటే నోట్ గుడ్డిదవుతుంది.

రెండోది, ఆడియో. మా దగ్గర నోట్‌పై సంతకం పడగానే చెరిపేస్తారు. రోగి గోప్యత కోసం అంటారు, ఆ వాదన తేలిగ్గా కొట్టిపారేయదగినది కాదు. గదిలో రోగి మందులొక్కటే చెప్పడు.

---

మందుల_బల్ల | బుధవారం, ఉదయం 9:30

ఆడియో మా దగ్గరా చెరిగిపోయింది. అందుకే నా మొదటి ప్రశ్నలో ఒక సందేహం మిగిలే ఉంది. యంత్రం తప్పు విన్నదో, డాక్టరు గారే నోరుజారి హైడ్రాలజైన్ అని, జాబితాలో మాత్రం సరైనది ఎంచుకున్నారో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. పూర్తి ప్రతి కూడా లేదు. రెండో సందర్భంలో యంత్రం నిజమే రాసినట్టు.

---

నాన్నగారి_ఫైలు | బుధవారం, ఉదయం 10:10

మొదట విషయం సరిగ్గా అర్థం చేసుకోకుండా రాశాను, మన్నించండి. నాన్నగారి నోట్‌లో 10 మి.గ్రా. ఇప్పటికీ అలాగే ఉంది. పోర్టల్‌లో సరిచేయమని సందేశం పెట్టవచ్చా? పెడితే డాక్టరు నొచ్చుకుంటారేమో.

---

రాతకోతలు | బుధవారం, ఉదయం 10:35

తప్పకుండా పెట్టండి. "నోట్‌లో ఆమ్లోడిపిన్ 10 అని ఉంది, మీరు 5 కొనసాగించమన్నారు, చీటీలో కూడా 5 ఉంది" అని మూడు ముక్కల్లో రాయండి. పాత నోట్ చెరపరు, దానికి సవరణ జతచేస్తారు. సవరణ పడ్డాక మందుల పట్టికలో కూడా 5 అని ఉందో లేదో చూడండి, ఆ రెండూ వేర్వేరు చోట్లు. ఈలోగా వేరే డాక్టరు దగ్గరకు వెళ్తే నోట్ ప్రింటు కాకుండా మాత్రల అట్టలే తీసుకెళ్లండి. మీ ఫొటో పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది. కాళ్ల వాపు ఉన్న మనిషికి ఎవరో ఒకరు నోట్ చూసి 10 రాస్తే వాపు పెరుగుతుంది, దానికి ఇంకో మాత్ర మొదలవుతుంది.

---

పాత_టైపిస్టు | బుధవారం, మధ్యాహ్నం 12:20

ఆడియో మొత్తం దాచలేకపోతే, మందు పేరు, అంకె పలికిన ముక్కలు మాత్రం కొన్నాళ్లు దాచవచ్చు కదా? మిగతా సంభాషణ చెరిపేయండి. ధ్వనిపటం గారూ, ఇది సాధ్యమేనా?

---

ధ్వనిపటం | బుధవారం, రాత్రి 8:00

సాంకేతికంగా కష్టం కాదు, ప్రతి మాటకూ ఏ సెకనులో పలికారన్న గుర్తు ఎలాగూ ఉంటుంది. కానీ యంత్రం మందు పేరుగా గుర్తించిన ముక్కలనే అది దాస్తుంది. మందు పేరును మామూలు మాటగా విని వదిలేసిన చోటు దానికి తెలియదు కాబట్టి ఆ ముక్క చెరిగిపోతుంది. తప్పు పేరు రాసిన సందర్భాలు దొరుకుతాయి, అసలు రాయకుండా వదిలేసినవి దొరకవు. గోప్యత సంగతి న్యాయవాదులు చెప్పాలి, నా పరిధి కాదు.

---

మందుల_బల్ల | గురువారం, ఉదయం 9:15

అందరికీ ధన్యవాదాలు. నేను అడగబోయేది ఇప్పుడు మారింది. అన్ని నోట్స్ వెతకడానికి సమయం అడగడం లేదు. రిఫరల్ లేఖ, డిశ్చార్జి సమ్మరీ, అంటే మా గోడ దాటే కాగితాలు ఏవైనా సరే, వాటిలోని మందుల వరుసలు ఆర్డరు పట్టికలోంచే రావాలని, వాటితో పాటు కారణం కూడా వెళ్లాలని అడుగుతాను. సిస్టమ్ మారేదాకా ఆ లేఖలను పంపే ముందు ఫార్మసీలో ఒకరు పోల్చి చూస్తారు.

రాతకోతలు గారు చెప్పిన ఆర్డరు లేని మందులకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. ప్రస్తుతానికి వాటి పక్కన "రోగి చెప్పినది, సరిచూడలేదు" అని పడేలా చేయమని అడగాలనుకుంటున్నాను. మీ దగ్గర ఎవరైనా అలా చేసి ఉంటే, డాక్టర్లు దాన్ని చదువుతున్నారా, లేక కొన్నాళ్లకు కంటికి ఆనకుండా పోయిందా చెప్పండి.

---

రాత్రి_డ్యూటీ | గురువారం, ఉదయం 11:50

మా వార్డులో అడ్మిషన్ పట్టికలో అలాంటి గుర్తే ఉంది. మొదట్లో డాక్టర్లు ఆగి చూసేవారు. ఇప్పుడు ప్రతి వరుస పక్కనా అదే ఉండేసరికి ఎవరూ చూడడం లేదు. ఇన్సులిన్, రక్తం పలచబరిచే మందులు, మెథోట్రెక్సేట్ లాంటి కొన్నింటికే ఆ గుర్తు పెట్టి, అవి సరిచూసే దాకా పట్టిక ముందుకు కదలకుండా చేయమని మేం అడిగాం. ఇంకా జవాబు రాలేదు.